సంత అయ్యాక రాసే చీటీ: బొర్రా వంటిళ్లకు కొన్ని తలకిందుల సలహాలు

వారం వంటల మీద వచ్చే సలహాలన్నీ ఒకే దారిలో ఉంటాయి. ఏడు రోజుల వంటలు ముందే రాసుకోండి, వాటికి కావలసిన సరుకులు లెక్కేయండి, శనివారం సాయంత్రానికి చీటీ సిద్ధం చేయండి, ఆదివారం బజారుకెళ్లండి అంటాయి. బొర్రాలో ఇలా చేస్తే చేతికి చీటీ వచ్చేసరికి సంత అయిపోయి ఉంటుంది, ఎందుకంటే అరకు సంత శుక్రవారం. అందుకే నా సలహా తలకిందులుగా ఉంటుంది. ముందు కొనండి, తర్వాత వంటలు అనుకోండి, ఆ తర్వాతే చీటీ రాయండి.

సంతకు వెళ్లేటప్పుడు వంటల పేర్లు పట్టుకెళ్లకండి. ఆ వారం చిక్కుళ్లు దిగుతాయో లేదో కొండ మీది వాన చెప్పాలి గానీ మన కాగితం చెప్పలేదు. ఖాళీలు మాత్రం గుర్తుపెట్టుకోండి: ఆకుకూరలు రెండు పూటలకు, కాయకూరలు మూడు పూటలకు, దుంపలో గుమ్మడో రెండు పూటలకు. ఏది బాగుంటే దానితో ఆ ఖాళీ నింపండి. ఇంటికొచ్చాక దినుసు పాడయ్యే వరసే వంట వరస. ఆకుకూర శనివారం, ఆదివారం పోవాలి. వంకాయ, చిక్కుడు, టమాటా వారం మధ్యలో. చిలగడదుంప, చేమ, గుమ్మడి చివరికి. ఫ్రిజ్ లేని ఇంటికి, ఉన్నా కరెంటు నిలవని ఇంటికి ఇంతకన్నా మంచి పట్టిక లేదని నా నమ్మకం.

శనివారం సాయంత్రం చేయాల్సిన పని డబ్బాలు తెరిచి చూడటం. ఐదుగురున్న ఇల్లు అనుకుందాం. పొద్దున చోడి అంబలికి రోజుకు అరకిలో పిండి పోతే వారానికి మూడున్నర కిలోలు. డబ్బాలో నాలుగు కిలోలుంటే చోళ్ల మాట చీటీలో ఎత్తక్కర్లేదు. కందిపప్పు పూటకు 200 గ్రాముల చొప్పున మూడు పూటలకు 600 గ్రాములు. ఇంట్లో కిలో ఉంది, అదీ వద్దు. రాజ్మా ఒక పూటకు 300 గ్రాములు. దీనికి మాత్రం వండే రోజును కాదు, నానబెట్టే రాత్రిని గోడ మీది క్యాలెండరులో రాసుకోండి. రాత్రంతా నానాక ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు కుతకుతా మరిగించాలి. సగం ఉడికిన రాజ్మా వాంతులు, విరేచనాలు పట్టిస్తుంది. పాత గింజ ఎక్కువసేపు ఉడకాలి. వేళ్ల మధ్య నొక్కితే లోపల పలుకు తగలకూడదు.

బియ్యం ఈ చీటీలోకి రావు. అవి జీసీసీ డిపోలో నెలకొకసారి తెచ్చుకునేవి. 2025 జూన్ నుంచి నెలలో 1 నుంచి 15 లోపే ఇస్తున్నారు కాబట్టి రెండో శనివారం నాడు 'బియ్యం తెచ్చామా?' అని ఒక్కసారి చూసుకుంటే చాలు.

చీటీ ఎవరికి? విశాఖలో పనిచేస్తూ ఆదివారం పొద్దున్నే కిరండూల్ పాసింజరెక్కి ఇంటికొచ్చే కొడుకుకో కూతురికో. రైలు పొద్దున్నే కాబట్టి వాళ్లు శనివారం రాత్రే కొనాలి. అందుకే ఆరింటికల్లా చీటీ వెళ్లిపోవాలి. కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. సిగ్నల్ సరిగా అందని చోట ఫొటో గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. మామూలు ఎస్సెమ్మెస్ పంపండి. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే పడతాయి, గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. అది దాటితే ముక్కలవుతుంది. కాబట్టి ఇలా కుదించండి:

శని: ఉల్లి 1 కి, నూనె 1 లీ, ఉప్పు 1, గుడ్లు 12. పప్పు వద్దు.

ఇది 60 దగ్గర ఆగుతుంది. ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివరి 'వద్దు'. కావలసినవి రాసి వద్దన్నవి రాయకపోతే, ఇంటి మీద ప్రేమతో వచ్చే పిల్లలు ఉన్న పప్పే మళ్లీ మోసుకొస్తారు. లేని ఉప్పు లేనట్టే ఉంటుంది.

గుహల దగ్గర బొంగు చికెన్ అమ్మే ఇల్లయితే దుకాణం సరుకు ఈ చీటీలో కలపకండి. శని, ఆదివారాలు పర్యాటకులు తోసుకొచ్చినప్పుడు ఇంటి నూనె సీసా దుకాణానికి నడిచిపోతుంది, సోమవారం నుంచి లెక్క తప్పుతుంది. సీసాలు వేరు, చీటీలు వేరు ఉండాలి.

లెక్క కుదిరిందో లేదో గురువారం రాత్రి తెలుస్తుంది. కూరలు కుళ్లి పారేశారా, సంతలో ఎక్కువ కొన్నారు. కూర లేక వరసగా రెండు రోజులు పప్పే వండారా, తక్కువ కొన్నారు. ఆ ఒక్క తేడా మర్నాడు సంతలో సరిచేయండి, మిగతాది కదపకండి. ఇక వారం మొత్తానికి వంటల పేర్లు రాసి గోడకంటించమనే సలహా ఎవరిచ్చినా, ఈ కొండ మీద దాన్ని పాటించకండి.