పుట్టుమచ్చలకే ప్రమోషన్

ఐదో తరగతి గట్టెక్కిన పిల్లని ఆరో తరగతిలో దింపడానికి మన విద్యాశాఖ దగ్గర పకడ్బందీ ఏర్పాటు ఉంది. దాని పేరు రికార్డు షీటు. మండల పరిషత్ బడి హెడ్మాస్టరు రాసిస్తాడు, జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరు పుచ్చుకుంటాడు. అందులో పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులంతో పాటు రెండు పుట్టుమచ్చలు ఉంటాయి. కుడి మోచేతి మీద ఒకటి, ఎడమ చెంప మీద ఒకటి. భాగహారం వచ్చా, తెలుగు పేరా ఒకటి ఆగకుండా చదవగలదా, వెనక బెంచీ నుంచి బోర్డు కనబడుతుందా అన్నవి మాత్రం ఉండవు. పిల్ల తప్పిపోతే వెతకడానికి ఆధారాలున్నాయి గానీ, చదువు తప్పిపోతే వెతకడానికి ఒక్క గడీ కూడా లేదు. ఇవన్నీ నోటికి చెప్పగల టీచరు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంటారు. ఆవిణ్ణి అడిగే నాథుడు లేడు.

కాగితం సంగతి అలా ఉంచితే, కంప్యూటర్‌లో పిల్ల ప్రయాణం ఇంకా రంజుగా ఉంటుంది. పాత బడి వదిలేశాక ఆమె యూడైస్ పోర్టల్‌లో 'డ్రాప్ బాక్స్' అనే త్రిశంకు స్వర్గంలో పడుతుంది. కొత్త బడి అక్కణ్ణుంచి తీసుకోవాలి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుండి, రిజిస్టర్‌లో వెనకుందో, ఇక చూడండి తమాషా. బెంచీ మీద కూర్చున్న పిల్ల ఉన్నట్టా లేనట్టా అని ఆఫీసు గదిలో వేదాంత చర్చ నడుస్తుంది. టీసీ వెంటనే ఇవ్వాలని, అది ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. చెబుతూనే ఉంటుంది, దాని పని అది.

జూన్ 12న బడి తెరిచాక ఓరియంటేషన్. పిల్లలు ఎండలో వరసగా నిలబడతారు. పెద్దలు నీడలో కూర్చుని కలలు కనమని చెబుతారు. ఒక గులాబీ, ఒక ఫొటో, అప్‌లోడ్. అయిపోయింది. బాత్రూం ఎక్కడో, గంట కొడితే ఎవరొస్తారో ఎవరూ చెప్పలేదు. నిన్నటిదాకా అన్ని పాఠాలకీ ఒకే టీచరమ్మ ఉన్న పిల్లకి ఇవాళ పీరియడ్‌కొక కొత్త ముఖం. చాలామందికి హిందీ అక్షరాలు కనబడేది కూడా ఇక్కడే. ఇంత మార్పునీ ఆ గులాబీయే మొయ్యాలి.

రెండు నెలలు పోయాక ఆ పిల్ల నోట్సు తెరవండి. ముత్యాల్లాంటి అక్షరాలు, ఎర్ర సిరాతో 'గుడ్'. అందులోంచే నాలుగు వాక్యాలు చదవమనండి, నేల చూపులు చూస్తుంది. బోర్డు మీది బొమ్మని గీసినట్టు అక్షరాల్ని గీస్తోందన్నమాట. లెక్కల సారు ఆమెని నెమ్మదస్తురాలంటాడు. అల్లరి చెయ్యదు కదా! సోమవారాలు కడుపునొప్పి మొదలవుతుంది. దసరా సెలవులయ్యాక హాజరు పట్టీలో వరసగా ఆబ్సెంట్లు పడతాయి. అప్పుడు తల్లిదండ్రులకి శ్రద్ధ లేదని తీర్మానం.

ఆ తల్లిదండ్రులతో సంప్రదింపులు కూడా ఘనంగానే ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషు పీడీఎఫ్ పడుతుంది. గ్రూపులో ఉన్నది తండ్రి నంబరు, ఆయన ఊళ్లో లేడు. మీటింగు పొద్దున పదింటికి, తల్లి అప్పుడు కలుపు తీస్తుంటుంది. కూలి పోగొట్టుకుని వచ్చినా ఆమెకి దక్కేది సంతకం పెట్టే చోటు, "మీ పాప ఇంకా బాగా చదవాలమ్మా" అన్న మాట. ఏం చదవాలో, ఎక్కడ ఆగిపోయిందో అడిగితే ఆ సారుకీ తెలియదు. ఆయన దగ్గరున్నవి పుట్టుమచ్చలే.

దీనికి కమిటీ అక్కర్లేదు, యాప్ అసలే వద్దు. వేసవి సెలవులకి ముందు, ఏప్రిల్లోనే, ఐదో తరగతి పిల్లల్ని ఒక రోజు హైస్కూలుకి తీసుకెళ్లండి. జూన్‌లో అయితే పాత టీచరు పక్కన ఉండరు. ఆరో తరగతి గదిలో లెక్కల సారు దగ్గర ఒక పీరియడ్ కూర్చోబెట్టండి. అక్కడే మధ్యాహ్న భోజనం పెట్టి, ఏడో తరగతి పిల్లతో బడంతా తిప్పించండి. ఆ పూట టీచర్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని పిల్లకొక కాగితం రాసుకోవాలి. చదవడం ఎంతవరకు, తీసివేతలు ఎంతవరకు, కళ్లు, చెవులు, ఇంట్లో ఎవరుంటారు, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎన్నింటికి. జూన్ మొదటి వారంలో ఆ తల్లికి రాత్రి ఏడింటికి తెలుగులో ఒక ఫోను. టీచర్ల కొరత దీంతో తీరదు, నిజమే. కానీ ఎవరికి ఎక్కడ సాయం కావాలో మొదటి రోజే తెలుస్తుంది.

అమ్మా, మీ పిల్ల ఈసారి ఆరులోకి వెళ్తుంటే రికార్డు షీటు చేతికి రాగానే సంతకం పెట్టి ఇంటికి వచ్చెయ్యకండి. ఐదో తరగతి టీచరు చేత దాని వెనక నాలుగు ముక్కలు రాయించుకుని, హైస్కూల్లో లెక్కల సారుకి మీ చేత్తో ఇవ్వండి. దానికి ఏ జీవో అవసరం లేదు.