నోటీసు వచ్చింది మామయ్యా!

మనవాళ్ళెవరైనా కష్టమొచ్చి ఫోన్ చేస్తే "నేను చూసుకుంటాలే" అనకుండా ఉండలేను. ఆ మాట నోటినుంచి వచ్చిందంటే చాలు, తెలియని చట్టం కూడా కంఠతా వచ్చేసినట్టే ఉంటుంది. ఈ బలహీనత మీకూ కాస్తో కూస్తో ఉండే ఉంటుంది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

కూకట్‌పల్లిలో అద్దెకుంటున్న మా మేనకోడలు జూన్‌లో ఒక రాత్రి వాట్సాప్‌లో రెండు పేజీల లాయరు నోటీసు పెట్టింది. కింద ఒక్క ముక్క: "మామయ్యా, ఎలాగైనా కాపాడు." పదిహేను రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలి, రెండు నెలల బాకీ కట్టాలి, లేదంటే కోర్టుకు వెళతాం అని దాని సారాంశం. నేను మొదటి పేజీ సగం చదివాను. చదివీ చదవగానే ఫోన్ చేసి, ఈ నోటీసు చెల్లదన్నాను, భయపడొద్దన్నాను, రిజిస్టర్డ్ పోస్టు వస్తే తీసుకోవద్దన్నాను, ఓనరుకు నాలుగు ఘాటు మాటలు మెసేజ్ పెట్టమన్నాను!

అందులో ఒక్కటీ సరైనది కాదు. పోస్టు తీసుకోకపోతే నోటీసు అందనట్టు కాదు. తిరస్కరించినా అందినట్టే కోర్టులు లెక్క వేస్తాయి. కోపంలో పెట్టిన మెసేజ్ రేపు అవతలివాళ్ళ చేతిలో కాగితమవుతుంది. అదృష్టం బాగుండి ఆ పిల్ల నా మాట వినలేదు. 7వ తేదీన సంతకం పెట్టి కవరు తీసుకుని, "ఇప్పుడేం చేయాలి మామయ్యా?" అని మళ్ళీ నన్నే అడిగింది. అప్పుడు గానీ రెండో పేజీ చదవలేదు నేను.

"నేను లాయర్ని కాదమ్మా. ముందు తేదీలు చూద్దాం, తర్వాత లాయరును అడుగుదాం" అన్నాను. నోటీసు మీద 2వ తేదీ ఉంది. తను 17న పోలీసులొచ్చి సామాను బయట పడేస్తారని వణికిపోతోంది. నెలనెలా అద్దెకుండే ఇంటికి, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ రోజులు నోటీసు అందిన తేదీ నుంచి లెక్క. అంటే 22 దాకా గడువుంది. ఆ రోజు కూడా ఎవరూ వచ్చి తాళం వేయలేరు, ఎందుకంటే నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. గడువు దాటితే ఓనరు కేసు వేసుకోవాలి. కోర్టు నుంచి సమన్లు వస్తే మాత్రం అసలు గడియారం అప్పుడు మొదలవుతుంది. జవాబు దాఖలుకు మామూలుగా 30 రోజులు. ఆ కాగితాన్ని ఒక్క రోజు కూడా పక్కన పెట్టకూడదు.

కవరు పారేయొద్దని చెప్పాను. అందిన తేదీకి పోస్టల్ ముద్ర, ట్రాకింగ్ నంబరు సాక్ష్యం. తర్వాత అగ్రిమెంటు తీయించాను. పదకొండు నెలలది, మార్చితో అయిపోయింది, ఆ తర్వాత ఓనరు అద్దె తీసుకుంటూనే ఉన్నాడు. అందులో రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలని ఒక వాక్యం ఉంది. గడువు ముగిసిన ఒప్పందంలో ఆ వాక్యం నిలుస్తుందా? "నిలుస్తుంది" అనాలని నాలుక దురద పెట్టింది. అది లాయరు చెప్పాల్సిన మాట కాబట్టి ప్రశ్నగానే కాగితం మీద రాసుకోమన్నాను.

బాకీ దగ్గర చిక్కుంది. ఏప్రిల్ అద్దె ఫోన్‌పేలో కట్టినట్టు కనిపిస్తోంది. మే నెలది చేతికిచ్చింది, రసీదు లేదు. ఇలా ఇవ్వని వాళ్ళెవరున్నారు మనలో? ఆ రోజు డబ్బు డ్రా చేసిన బ్యాంకు ఎంట్రీ, "అందిందా అంకుల్?" అంటే "ఆ అమ్మా" అని ఓనరు ఇచ్చిన జవాబు ఫోన్‌లో దొరికాయి. స్క్రీన్‌షాట్లు తీసి మెయిల్‌కు పంపుకుంది. జూన్ అద్దెను అలిగి ఆపకుండా బ్యాంకు ద్వారానే పంపమన్నాను. ఖాళీ కాగితం మీద గానీ, ఏ తేదీకి ఖాళీ చేస్తానని గానీ ఇప్పుడే సంతకం పెట్టొద్దన్నాను. ఎవరైనా కరెంటు తీసేసినా, తాళం వేసినా వెంటనే 100కు, లాయరుకు ఫోన్ చేయాలి.

లాయరు ఫీజు అంటే జంకింది. న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత సాయం ఉంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. మర్నాడే చేసింది. అక్కడ చూసిన న్యాయవాది ముందడిగింది కవరు. రెండు నెలల వాక్యం మీదే ఆధారపడొద్దన్నారు, 22లోపు జవాబు నోటీసు పంపారు. బాకీ లేదని ఆధారాలతో చూపించి, ఆగస్టు చివరిదాకా గడువు అడిగారు. ఓనరు ఒప్పుకున్నాడు. డిపాజిట్ ఏ రోజు తిరిగి ఇస్తాడో, తాళాలు ఏ రోజు తీసుకుంటాడో ఇద్దరూ కాగితం మీద రాసుకుని సంతకాలు చేశారు.