టిన్నుకు నూట అరవై

దుకాణంలో ఎంత మిగిలిందో యజమానికి సరిగ్గా తెలియకపోవచ్చు. గల్లాపెట్టె తాళం చేతిలో ఉన్న ఇల్లాలికీ తెలియకపోవచ్చు. ఆదాయపు పన్ను చట్టానికి మాత్రం బాగా తెలుసు. నూటికి ఎనిమిది. నూనె అమ్మినా ఎనిమిదే, నెయిల్ పాలిష్ అమ్మినా ఎనిమిదే. బేరం వచ్చినా రాకపోయినా, పక్క సందులో సూపర్ మార్కెట్ తెరిచినా, ఎలుకలు బస్తాలు కొరికినా ఎనిమిది అంటే ఎనిమిదే. జాతకం చూసే సిద్ధాంతి గారైనా పుట్టిన తేదీ, సమయం అడుగుతారు. ఈ సెక్షన్‌కు ఆ పట్టింపు కూడా లేదు.

2026 మార్చి దాకా దాని పేరు 44ఏడీ. చిన్న వర్తకుడి మీద జాలిపడి పెట్టిందని చెబుతారు. ఏడాది టర్నోవర్ రెండు కోట్లు దాటకపోతే చిట్టా, ఆవర్జా అక్కర్లేదు. నగదు వసూళ్లు మొత్తంలో ఐదు శాతం మించకపోతే మూడు కోట్ల దాకా అక్కర్లేదు. అమ్మకాలు ఎంతో చెప్పు, అందులో ఎనిమిది శాతం నీ లాభం అని మేమే అనుకుంటాం, దాని మీద పన్ను కట్టి పో. డబ్బు చెక్కు ద్వారానో ఫోన్ ద్వారానో వస్తే ఆ భాగానికి ఆరు శాతమే. అద్దె, జీతాలు, కరెంటు బిల్లు అన్నీ అందులోనే తీసేసినట్టు లెక్క. విడిగా ఒక్క రూపాయి ఖర్చు కూడా చూపించనివ్వరు.

ఇంతకీ ఈ ఎనిమిది ఎక్కడి నుంచి ఊడిపడింది? 1994లో ఈ సెక్షన్ పుట్టినప్పుడు అది కట్టడాల కాంట్రాక్టర్ల కోసం. సిమెంటు, ఇసుక, కూలీల లెక్క తేలదు కనుక వాళ్లకు ఎనిమిది శాతం అన్నారు. 1997లో చిల్లర వర్తకులకు వేరే సెక్షన్ తెచ్చారు. దాని పేరు 44ఏఎఫ్, రేటు ఐదు శాతం. అంటే పప్పులు అమ్మేవాడూ వంతెనలు కట్టేవాడూ ఒకటి కాదని ఆ రోజుల్లో ఢిల్లీలో ఎవరో ఒకరికి తెలుసన్నమాట. ఆ పుణ్యాత్ముడు రిటైరైనట్టున్నాడు. 2009లో చట్టాన్ని సులభం చేస్తున్నామంటూ చిల్లర వర్తకుడి సెక్షన్‌ను ఎత్తేసే ఏర్పాటు చేశారు. 2011-12 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అందరినీ ఒక్క గాటన కట్టి, కాంట్రాక్టర్ రేటును కిరాణా కొట్టుకు తగిలించారు. సులభమైన మాట నిజమే, రాసేవాళ్లకు.

ఇప్పుడు నూనె టిన్నుల హోల్‌సేల్ దుకాణం ఒకటి ఊహించుకుందాం. చట్టమే ఊహిస్తున్నప్పుడు మనకేం తక్కువ? పదిహేను కిలోల టిన్ను రెండు వేలు అనుకుందాం. రోజుకు ముప్పై టిన్నుల చొప్పున ఏడాదిలో మూడు వందల రోజులు అమ్మితే తొమ్మిది వేల టిన్నులు, కోటీ ఎనభై లక్షల టర్నోవర్. కొనేవాళ్లు చుట్టుపక్కల పల్లెల కొట్లవాళ్లు, ఇచ్చేది నగదు. ఈ వ్యాపారంలో రేటు ఎదురుగా ఉన్న దుకాణం చేతిలో ఉంటుంది. పది రూపాయలు ఎక్కువ చెబితే ఆటో అటు తిరుగుతుంది. హమాలీ, అద్దె, కారిన టిన్నులు, ఎగ్గొట్టిన అరువులు పోను టిన్నుకు యాభై రూపాయలు మిగిలితే ఆయన అదృష్టవంతుడే. అంటే రెండున్నర శాతం, ఏడాదికి నాలుగున్నర లక్షలు.

చట్టం ఊహించేది మాత్రం టిన్నుకు నూట అరవై. తొమ్మిది వేల టిన్నులకు పద్నాలుగు లక్షల నలభై వేలు. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త విధానం రేట్ల ప్రకారం దాని మీద పన్ను, సెస్సు కలిపి 99,840 రూపాయలు. నాలుగున్నర లక్షలు సంపాదించినవాడు లక్షకు నూట అరవై తక్కువగా కట్టాలి. ఆ నూట అరవై కూడా ఎందుకు వదిలేశారో తెలియదు. బహుశా ఒక టిన్ను లాభం రాయితీగా ఇచ్చారేమో!

ఆ పక్కనే ఫ్యాన్సీ షాపు. క్లిప్పులు, గాజులు, బొట్టుబిళ్లలు, ఫోన్ కవర్లు. డజను లెక్కన కొని ఒక్కొక్కటిగా అమ్మే సరుకు. ఎదురు షాపులో ఆ క్లిప్పు ఎంతో ఎవరూ వాకబు చేయరు. ఏడాదికి ఎనభై లక్షల అమ్మకం, ఖర్చులన్నీ పోను నూటికి ఇరవై ఐదు మిగులు అనుకుందాం. అసలు లాభం ఇరవై లక్షలు. చట్టం ఊహించేది ఆరు లక్షల నలభై వేలు. పన్నెండు లక్షల దాకా రిబేటు ఉంది కనుక పన్ను సున్నా. పుస్తకాలు రాసి అసలు లెక్క చూపిస్తే రెండు లక్షల ఎనిమిది వేలు కట్టాల్సి వచ్చేది. చూపించమని ఎవరడిగారు గనక? నాలుగున్నర లక్షలవాడి దగ్గర లక్ష, ఇరవై లక్షలవాడి దగ్గర సున్నా. దీన్ని చిన్న వ్యాపారికి చేయూత అంటున్నారు. ఏ చిన్న వ్యాపారికి అన్నదే చెప్పడం లేదు.

సెక్షన్ రాసినవాళ్లు ఈ చిక్కు చూడలేదనుకుంటే పొరపాటు. అందుకే ఒక మాట చేర్చారు: ఎనిమిది శాతం, లేదా అంతకంటే ఎక్కువ సంపాదించానని వర్తకుడు చెప్పుకుంటే ఆ ఎక్కువ మొత్తం. చెప్పుకుంటే! మన బజార్లలో లాభం ఎక్కువొచ్చిందని గొంతెత్తి చెప్పుకునే వర్తకుడు దొరికితే ఆయనకు శాలువా కప్పాలి. అయితే ఒక్క సందర్భంలో అలాంటివాళ్లు దొరుకుతారు. ఇంటి లోనుకు వెళ్లినప్పుడు. ఆరు లక్షల నలభై వేల ఆదాయానికి ఇంత లోను రాదని బ్యాంకు మేనేజరు పెదవి విరవగానే, ఆ మరుసటి ఏడాది రిటర్నులో లాభం పదకొండు లక్షల తొంభై వేలకు ఎగబాకుతుంది. పన్నెండు దాటదు. పన్నెండు దాటితే పన్ను. వ్యాపారం పెరగలేదు, గిరాకీ పెరగలేదు. పెరిగింది ఇంటి మీద ఆశ ఒక్కటే.

మరి నూనె దుకాణం ఆయన, బాబూ నాకు అంత రాలేదు అని చెప్పుకోకూడదా? నిక్షేపంగా చెప్పుకోవచ్చు. టర్నోవర్ కోటి దాటింది, వసూళ్లు నగదు, లాభం ఎనిమిది శాతం కంటే తక్కువ. కాబట్టి రోజువారీ పుస్తకాలు రాయాలి, స్టాకు లెక్క కట్టాలి, చార్టర్డ్ అకౌంటెంటుతో ఆడిట్ చేయించి 3సీబీ, 3సీడీ ఫారాలు పెట్టించాలి. అంతా అయ్యాక తేలేదేమిటి? ఆదాయం నాలుగున్నర లక్షలు, రిబేటు పోను పన్ను సున్నా. కట్టాల్సింది ఏమీ లేదని నిరూపించుకోవడానికి ఫీజు కట్టాలి. ఎక్కువ వచ్చినవాడికి పుస్తకం అక్కర్లేదు, తక్కువ వచ్చినవాడికే పుస్తకమూ ఆడిటూ. జేబులో ఏమీ లేదన్నవాడి జేబులే వెతుకుతారు మరి.

పైగా ఈ పథకంలో ఒకసారి చేరి, తర్వాతి ఐదేళ్లలో ఏ ఒక్క ఏడాదైనా ఎనిమిది రాలేదని బయటికొస్తే, ఆ పైన ఐదేళ్లు మళ్లీ లోపలికి రానివ్వరు. కరోనా ఏడాదిలో షట్టరు మూసుకున్నవాడికీ ఇదే నియమం. కుల పెద్దలు వెలివేసినా తప్పు కట్టించుకుని ఏడాదికో రెండేళ్లకో కలుపుకునేవారు. ఇక్కడ తప్పు కట్టినా అయిదేళ్లే.

దీనికి విరుగుడు ఉందని ఆడిటర్ గారు చెబుతారు: నగదు మానెయ్, స్కానర్ పెట్టు, ఆరు శాతం పడుతుంది. నిజమే. నూనె దుకాణంలో ప్రతి రూపాయీ ఫోన్‌లోనే వస్తే ఊహాలాభం పది లక్షల ఎనభై వేలకు దిగి పన్ను సున్నా అవుతుంది. లాభం పైసా కూడా మారలేదు. పల్లె నుంచి వచ్చినవాడు నోట్లు తీశాడా, ఫోన్ తీశాడా అన్న దాని మీద లక్ష రూపాయల పన్ను ఉండటమూ పోవడమూ ఆధారపడింది. వర్తకుడి ఆదాయాన్ని కొనుగోలుదారుడి జేబును బట్టి లెక్కగట్టడం మన ఘనత.

సరే, స్కానర్ పెట్టాడే అనుకుందాం. 2025 జూలైలో కర్ణాటకలో ఏం జరిగిందో ఆయనా చదివాడు. యూపీఐ వసూళ్ల లెక్కలు తీసి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఎందుకు చేసుకోలేదంటూ వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చింది. వాటిలో పన్ను లేని కూరగాయలు, పాలు అమ్మేవాళ్లూ ఉన్నారు. బెంగళూరు కొట్లలో స్కానర్లు పోయి, నగదు మాత్రమే అన్న అట్టముక్కలు వేలాడాయి. ఒక శాఖ స్కానర్ పెట్టినవాడికి రెండు శాతం తగ్గించి వీపు తడితే, ఇంకో శాఖ అదే స్కానర్ చూసి తలుపు తట్టింది.

ఇంత చేసినా పుస్తకాల పీడ వదిలిందా? ఈ పథకంవాళ్లు వేసే రిటర్ను ఐటీఆర్-4. దానికి ముద్దు పేరు సుగమ్. పుస్తకాలు అక్కర్లేదన్న అదే చట్టం ఆ ఫారంలో నాలుగు గళ్లు తప్పనిసరిగా నింపమంటుంది: మనం ఇవ్వాల్సిన బాకీలు, మనకు రావాల్సిన బాకీలు, ఉన్న సరుకు, చేతిలో నగదు. పుస్తకం లేకుండా ఈ నాలుగూ ఎక్కడి నుంచి తేవాలి? ఆడిటర్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడి నోట్లోంచి. “అన్నా, స్టాకు ఎంత వేయమంటావు?” అని ఫోన్ చేస్తాడు. “పోయినేడు ఎంతేశావు? దానికి కాస్త అటూ ఇటూ వెయ్యి తమ్ముడూ.” చట్టం లాభాన్ని ఊహిస్తే వర్తకుడు సరుకును ఊహిస్తాడు. ఎవరి ఊహ వాళ్లది.

అసలు హాస్యం జీఎస్టీ దగ్గర ఉంది. కోటీ ఎనభై లక్షల దుకాణానికి ప్రతి అమ్మకం బిల్లూ ప్రతి కొనుగోలు బిల్లూ ఆ లెక్కలోకి ఎక్కాల్సిందే, రిటర్నులు వేయాల్సిందే. ఆ కాగితాలన్నీ వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి డెబ్బై రెండు నెలలు దాచాలి. ఆదాయపు పన్ను బోర్డు, జీఎస్టీ చూసే బోర్డు రెండూ ఒకే రెవెన్యూ విభాగం కిందివి. ఒక గది పుస్తకం అవతల పారేయమంటుంది, పక్క గది ఆరేళ్లు బీరువాలో పెట్టమంటుంది. వర్తకుడు రాసే బాధ నుంచి తప్పించుకున్నదీ లేదు, రాసిన లెక్క వల్ల బాగుపడిందీ లేదు. కొన్నదెంతో అమ్మిందెంతో ప్రభుత్వం దగ్గరే బిల్లులుండగా, వాటిని పక్కనపెట్టి ఎనిమిది అని ఊహించడాన్ని ఇంకా సులభతరం అంటున్నారు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. 44ఏడీ పేరు పోయి 58వ సెక్షన్లో కలిసింది. ఎనిమిది మాత్రం ఎనిమిదిలాగే కూర్చుంది. అరవై ఏళ్ల చట్టాన్ని తిరగరాసినవాళ్లకు ఈ ఒక్క అంకెను కదిపే తీరిక దొరకలేదు.

కావలసింది పెద్ద సంస్కరణేమీ కాదు. నూనె, పంచదార, బియ్యం, సిగరెట్ల వంటి పలచని లాభాల సరుక్కి ఒక రేటు, ఫ్యాన్సీ సరుక్కి ఇంకో రేటు పెడితే చాలు. చిల్లర వర్తకానికి విడిగా ఐదు శాతం పెట్టిన దేశానికి అది చేతకాని పని కాదు. అంతకంటే ముందు చేయాల్సింది ఇంకొకటుంది. అసలు లాభం మీద పన్ను సున్నాయే అయ్యేవాడిని, జీఎస్టీ బిల్లులే సాక్ష్యంగా, ఆడిట్ లేకుండా ఉన్న లాభం ఉన్నట్టు చెప్పుకోనివ్వాలి. అప్పటిదాకా నూనె దుకాణం ఆయనది ఒక్కటే మనవి. టిన్నుకు నూట అరవై మిగులుతుందని నమ్మే అధికారి ఎవరైనా ఉంటే, ఒక్క ఏడాది ఆ గల్లాపెట్టె దగ్గర కూర్చోవచ్చు. యాభై ఆయనకు చాలు. పైన మిగిలే నూట పది అధికారి గారే ఉంచుకోవచ్చు, లెక్క కూడా అడగడు.