కాకి వాలింది, రాయి కరిగింది

మా జంగారెడ్డిగూడెంలో కిడ్నీలో రాయి ఉన్నవాడికి వైద్యుల కొరత లేదు. టీ బడ్డీ దగ్గర నడుం మీద చెయ్యేసుకుని ఒక్కసారి మూలిగితే చాలు. ఒకాయన ఉలవచారు తాగమంటాడు. ఇంకొకాయన అరటి దూట రసం అంటాడు. మూడో ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, బీరంటాడు. ఈ మూడో వైద్యానికే గిరాకీ ఎక్కువ. రాయి లేనివాళ్లు కూడా ముందుజాగ్రత్తగా వాడేస్తున్నారు.

వీళ్లంతా ఉచిత సేవ చేసేవాళ్లు. డబ్బు తీసుకుని కరిగించే ఆయన వేరే ఉన్నాడు. పేరెందుకులెండి, రాళ్ల మందాయన అనుకుందాం. ఆయన బల్ల మీద చిన్న చిన్న సీసాల్లో రాళ్లుంటాయి: ఆవగింజంత, పెసరగింజంత, శనగగింజంత. పక్కన గాజుగ్లాసులో నిమ్మరసం. అందులో తెల్లటి రాతిముక్క ఒకటి వేస్తాడు. బుసబుసమని నురగ లేస్తుంది. “చూశారా, లోపల కూడా ఇంతే” అంటాడు. చుట్టూ మూగినవాళ్ల కిడ్నీలు ఆ క్షణంలోనే సగం తేలికపడతాయి.

పులుపు తగిలితే అలా బుసకొట్టేది సున్నపురాయి. మనవాళ్ల కిడ్నీల్లో ఎక్కువగా పెరిగేది కాల్షియం ఆక్సలేట్ రాయి. దాన్ని నిమ్మరసంలో వారం నానబెట్టినా చీమ కుట్టినట్టయినా ఉండదు. లోపలున్న ఆ రాయిని తాగే మందుతో కరిగించే పద్ధతి అల్లోపతిలోనూ లేదు. మందుకు కరిగే రాయి యూరిక్ ఆసిడ్‌ది. సుమారు పదింట ఒకటి ఉంటుంది. దానికైనా మూత్రంలో ఆమ్లం తగ్గించే పొటాషియం సిట్రేట్ లాంటి మందు వారాలూ నెలలూ వాడాలి, మధ్యమధ్యలో మూత్రం పరీక్షించుకుంటూ ఉండాలి. తమ లోపలున్నది ఏ రాయని మందాయన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఇక మా తోడల్లుడి సంగతి. మార్చి నెల, పొగాకు కాల్పు రోజులు. రాత్రంతా బ్యారన్ పొయ్యి దగ్గర కాపలా, పగలు ఎండ. మధ్యలో తాగింది నీళ్లకన్నా టీలే ఎక్కువ. మూత్రం డికాక్షన్ రంగుకి వచ్చినా పట్టించుకోలేదు. ఒక రాత్రి రెండున్నరకి ఎడమ పక్కటెముకల కింద, వెనకవైపు, ఎవరో గునపం దించినట్టు మొదలైంది. అక్కణ్నుంచి డొక్క మీదుగా గజ్జల్లోకి, వృషణం దాకా దిగింది. అరగంట మెలిపెట్టి కాస్త వదిలేది. హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ పట్టుకునేది. మనిషి కూర్చోలేడు, పడుకోలేడు, నేలమీద దొర్లాడు, వాంతి చేసుకున్నాడు. కడుపులో పేగు చిల్లుపడి చీము పట్టినవాడు కదిలితే ప్రాణం పోతుందని కట్టెలా పడుంటాడు. రాయి ఉన్నవాడు ఒక్కచోట ఉండలేడు. అనుభవమున్న డాక్టరు గుమ్మంలోంచి చూసే సగం పోల్చుకుంటాడు. తెల్లారేసరికి మూత్రం మాంసం కడిగిన నీళ్లలా వచ్చింది.

ఆసుపత్రిలో డైక్లోఫినాక్ ఇంజెక్షను చేశారు, నొప్పి తగ్గింది. స్కానింగు చేయించుకోమని చీటీ రాశారు. ఆ చీటీ చొక్కాజేబులో ఉండగానే చొక్కా చాకిరేవుకెళ్లింది, మనిషి మందాయన దగ్గరికెళ్లాడు. పొట్లం ఆరు వందలు, నలభై రోజుల కోర్సు. మూడో రోజుకల్లా నొప్పి మాయం. ఇక మావాడు ఆగుతాడా? రాయి కరిగిపోయిందని ఊరంతా చాటి, మరో నలుగురిని వెంటబెట్టుకెళ్లాడు.

కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగితే పెద్దలు కాకతాళీయం అన్నారు. ఇక్కడ కాకి పొట్లాలు కట్టి అమ్ముతోంది. మూత్రనాళంలోకి దిగిన రాయి 5 మిల్లీమీటర్ల లోపుదైతే మూడింట రెండు వంతులు ఏ మందూ లేకుండా వాటంతటవే పడిపోతాయి, కొన్ని వారాలు పట్టినా సరే. ఆ కొన్ని వారాల్లో మీరు ఉలవచారు తాగితే ఉలవచారు గొప్పది, బీరు తాగితే బీరు గొప్పది, పక్కింటాయన మొహం చూస్తే ఆయనే ధన్వంతరి.

అసలు నొప్పి ఎక్కణ్నుంచి వస్తోంది? రాయి గుచ్చుకోవడం వల్ల అనుకుంటాం. నాళం మూసుకుపోయి, వెనకాల మూత్రం నిలిచి, కిడ్నీ ఉబ్బి, పైపొర సాగడం వల్ల వచ్చేదే ఎక్కువ. అలాంటప్పుడు బీరు పోయడమంటే, తూము మూసుకుపోయిన చెరువుకి పైనుంచి ఇంకో కాలవ తిప్పడమే. పైగా బీరు ఒంట్లో యూరిక్ ఆసిడ్ పెంచుతుంది. ఇప్పుడున్న రాయి పోయినా వచ్చే ఏటికి విత్తనం మిగులుతుందన్నమాట.

నొప్పి ఆగడానికి కారణం ఒక్కటే కాదు. రాయి మూత్రాశయంలో పడిపోయి ఉండొచ్చు. రాయి అక్కడే ఉండి, దాని పక్కనుంచి మూత్రం కాస్త కారుతుండొచ్చు. లేదా లోపలి ఒత్తిడికి కిడ్నీ మూత్రం తయారుచేయడమే తగ్గించుకుని ఉండొచ్చు. పనివాడు మానేస్తే ఇంట్లో గొడవ తగ్గినట్టు, ఇక్కడ నొప్పి తగ్గుతుంది. మా తోడల్లుడిది ఈ ఆఖరిదే. జూన్‌లో వేరే పని మీద స్కానింగు తీస్తే, ఎడమ నాళం అడుగున 8 మిల్లీమీటర్ల రాయి దర్జాగా కూర్చునుంది. కిడ్నీలో నీరు నిండి, కండ పలచబడింది. మూడు నెలలు ఒక్క మూలుగూ లేదు.

రాయి పడిందో లేదో తెలుసుకోవడం బ్రహ్మవిద్య కాదు. మూత్రాన్ని పలచటి గుడ్డలో వడగట్టి చూడాలి. పడితే దాన్ని పరీక్షకు పంపాలి. పడకపోతే మళ్లీ స్కానింగు తీయించాలి. మామూలు అల్ట్రాసౌండుకి నాళం మధ్యలో రాయి చిక్కకపోవచ్చు, అప్పుడు సీటీ కావాలి. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చిందంటే మాత్రం పొట్లానికీ స్కానింగు వాయిదాకీ కూడా టైము లేదు. మూసుకున్న కిడ్నీలో చీము పడితే గంటల్లో రక్తమంతా విషమవుతుంది, స్టెంటో గొట్టమో పెట్టి వెంటనే ఆ మూత్రాన్ని బయటికి వదలాలి. అలాగే అరవై దాటినవాళ్లకి జీవితంలో మొదటిసారి ఇలాంటి నొప్పి వస్తే రాయేనని తీర్మానించకూడదు. కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బి చిట్లబోతున్నా అచ్చం ఇలాగే ఉంటుంది.

మందాయన కోర్సుతోపాటు పథ్యం కూడా ఇస్తాడు. టమాటా వద్దు, పాలు వద్దు. టమాటా గింజలే రాళ్లవుతాయట! ఆ లెక్కన వంకాయ తిన్నవాడి కడుపులో తోట మొలవాలి. టమాటాలో ఆక్సలేట్ తక్కువే. “చలవ” అని ఆయనే తినమనే పాలకూరలో మెండు. ఇక పాలూ పెరుగూ మానేస్తే జరిగేది తలకిందులు వ్యవహారం. అన్నంతోపాటు తిన్న కాల్షియం ఆ ఆక్సలేట్‌ని పేగులోనే పట్టుకుని బయటికి పంపుతుంది. కాల్షియం లేకపోతే ఆక్సలేట్ నేరుగా మూత్రంలోకి దిగుతుంది. ఇటలీలో 120 మంది మగవాళ్లని రెండు జట్లు చేసి అయిదేళ్లు చూసి 2002లో ఫలితం ప్రకటించారు. కాల్షియం తగ్గించినవాళ్లకన్నా, కాల్షియం మామూలుగా తింటూ ఉప్పూ మాంసం తగ్గించినవాళ్లలో మళ్లీ రాళ్లు వచ్చినవాళ్లు సగమే. మన ఆవకాయ దేశంలో ఉప్పు తగ్గించమనే మందాయన ఇంకా పుట్టలేదు. చెప్తే గిరాకీ పోతుంది.

ఇదంతా అడిగితే ఆయన “మన ప్రాచీనుల విద్య” అంటాడు. కొండపిండి ఆకు చూపించి, పేరులోనే కొండని పిండి చేస్తుందని ఉందిగా అంటాడు. పేరే సాక్ష్యమైతే మా వీధిలో ధనలక్ష్మిగారికి అప్పులుండకూడదు. ప్రాచీనుల్లో సుశ్రుతుడు రాళ్లకి కషాయాలు చెప్పినమాట నిజమే. వాటికి లొంగని మూత్రాశయపు రాయికి కత్తి పట్టమనీ, రాజుగారి అనుమతి అడిగి మరీ కొయ్యమనీ రాసినవాడూ ఆయనే. మందు ఓడిపోవచ్చని ఆయన ఒప్పుకున్నాడు. మందాయన ఒప్పుకోడు.

మా తోడల్లుడికి చివరికి మూత్రదారి గుండా సన్నటి దుర్భిణి పంపి, లేజరుతో రాయిని పగలగొట్టి, ముక్కలు లాగేశారు. నాలుగు వారాలు స్టెంటు ఉంచి తీసేశారు. ఎడమ కిడ్నీ మునుపటంత పని చెయ్యదని చెప్పారు. 2022లో మా ఊరు పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లాలోకి ఎంత నిశ్శబ్దంగా జరిగిందో, ఆ కిడ్నీలో కొంత భాగం అంత నిశ్శబ్దంగా పోయింది.

ముక్కల్ని చిన్న డబ్బాలో వేసి ఇచ్చారు. ఆ సంగతి ఎలా తెలిసిందోగాని, మందాయన కబురు పెట్టాడు. వాటిలో పెద్ద ముక్క ఒకటి తనకిస్తే, కొత్త సీసా కొన్నాడట, అందులో వేసి బల్ల మీద పెట్టుకుంటాడట.