ఐదు శాతం తక్కువైన చెయ్యి

మా రాయగడలో తెలుగు మాట్లాడేవాళ్లకి కొదవలేదు. ఒడియాలో అర్జీ రాయగలిగేవాళ్లే తక్కువ. 1992లో రాయగడ జిల్లా కాకముందు ప్రతి కాగితానికీ కోరాపుట్ పరిగెత్తేవాళ్లం. ఇప్పుడు కచేరీలు ఊళ్లోకే వచ్చాయి, పరుగు మాత్రం తగ్గలేదు. అందుకే మా వీధిలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా నా గుమ్మమే ఎక్కుతారు.

మొన్న ఎదురింటి టైలరు వచ్చాడు. "మేష్టారూ, మా గుంటడికి మెట్రిక్ పరీక్షలో రాసిపెట్టే మనిషి కావాల. కాస్త ఎక్కువ టైము కూడా ఇమ్మని బోర్డుకి ఓ అర్జీ రాసెట్టండి" అన్నాడు.

రాసిచ్చాను. ఈ అర్జీ ఎవరు రాశారు, ఆయన చదువెంత, చుట్టమా పక్కమా అని ఏ కచేరీలోనూ ఎవరూ అడగలేదు. తండ్రికి ఎమ్మే చదివిన లేఖకుడు ఉచితం. కొడుక్కి మాత్రం లేఖకుడు కావాలంటే డాక్టరు చీటీ కావాలి.

కుర్రాడిది సెరిబ్రల్ పాల్సీ. లెక్క నోటితో చెప్పేస్తాడు. కలం పట్టుకుంటే వేళ్లు బిగుసుకుపోతాయి, నాలుగు వాక్యాలు రాసేసరికి పావుగంట. డాక్టర్లు వైకల్యం 35 శాతమని రాసిచ్చారు. కచేరీ గుమాస్తాగారు ఆ అంకె చూసి, "నలభై ఉండాల. ఐదు తక్కువైంది" అన్నాడు. బెండకాయలైతే కొసరు అడుగుదుం. వైకల్యంలో కొసరు ఎవరిని అడగాలి?

ఈ నలభై గోల పాతదే. సివిల్స్ రాసే ఒక డాక్టరుగారికి రాయబోతే చెయ్యి కొంకర్లు పోయే జబ్బు. లేఖకుణ్ణి ఇమ్మంటే యూపీఎస్సీ ఇవ్వనంది. వికాస్ కుమార్ కేసుగా అది సుప్రీంకోర్టుకెక్కింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో నలభై శాతం గీత ఉద్యోగాల రిజర్వేషన్ల వంటి వాటికే గాని, పరీక్షలో లేఖకుడికి కాదని 2021 ఫిబ్రవరి 11న కోర్టు తేల్చింది. ఆ తీర్పు తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం, నలభైకి తక్కువ ఉండి రాయలేనివాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. జిల్లా పెద్ద డాక్టరు ముందుండి, నిపుణులు కూర్చుని, ఫలానావాడికి రాయడం కష్టమని ధ్రువీకరిస్తే చాలంది. అంటే అడగాల్సింది ఎంత శాతమని కాదు, చెయ్యి రాస్తుందా లేదా అని.

గుమాస్తాగారు తొణకలేదు. "అవన్నీ ఢిల్లీ ఉద్యోగాల పరీక్షలకండీ." అదే చట్టం పదిహేడో సెక్షన్ చదువుల గురించే. పరీక్షల్లో అదనపు సమయం, లేఖకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు అని పేరుపేరునా రాసి ఉంది. రెండో అర్జీలో ఆ సెక్షను నంబరు వేసి, కింద గీత గీశాను. తెలుగువాడి మాట కన్నా గీత గట్టిగా పలుకుతుంది. ఆ వారమే జిల్లా ఆసుపత్రికి పంపారు, చీటీ వచ్చింది.

సమయం లెక్క తేలిక: గంటకు 20 నిమిషాలకి తగ్గకుండా. రెండున్నర గంటల పేపరుకి 50 నిమిషాలు. పెళ్లిలో పులిహోరలా రెండోసారి వడ్డించే దయ కాదది. వీడు నోటితో చెప్పాలి, ఎదుటివాడు విని, రాసి, తిరిగి చదివి వినిపించాలి. ఆ పనికి పట్టే కాలమే అది.

అసలు చిక్కు లేఖకుడితో వచ్చింది. సొంత మనిషిని తెచ్చుకుంటే చదువులో ఒక మెట్టు కింద ఉండాలన్నది 2022 నాటి నిబంధన. బోర్డే ఇస్తే, రెండు రోజుల ముందు కలిసి మాట్లాడుకోనివ్వాలి. వీడి మాట కాస్త ముద్దగా వస్తుంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, నోట్లో రెండూ కలిసిపోతాయి. ఆ మాట అర్థం కావడానికి అమ్మకే నాలుగేళ్లు పట్టిందట, కొత్తవాడికి రెండు రోజులు! భాషల పేపర్లకి వేరే లేఖకుణ్ణి పెట్టుకోవచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. ఒక్కణ్ణి వెతకడానికే చెప్పులరిగిన తండ్రికి ఇద్దరిని తెచ్చుకునే స్వేచ్ఛ!

చివరికి పక్కింటి తొమ్మిదో తరగతి పిల్ల ఒప్పుకుంది. సాయంత్రాలు మా అరుగు మీదే సాధన. "బ్రాకెట్ మొదలు, ఎ ప్లస్ బి, బ్రాకెట్ మూసెయ్, పైన రెండు" అని వీడు చెబుతాడు, ఆ పిల్ల రాస్తుంది. నిన్న ఒకచోట ఆగిపోయి నా వైపు తిరిగింది.

"మేష్టారూ, ఇక్కడ మైనస్ ఉండాల. వీడు ప్లస్ అంటన్నాడు. ఏటి రాయమంటారు?"

నేను నోరు తెరిచేలోపే కుర్రాడు అందుకున్నాడు. "ప్లస్సే రాయి. తప్పయితే నాదే."

ఆ పిల్ల మూతి ముడుచుకుని ప్లస్ రాసింది. లెక్క తప్పే.