అద్దెను ఆస్తి చేసిన ఘనులు

నెలనెలా అద్దె కట్టి, ఆ రసీదులన్నీ బీరువాలో దాచి, పదేళ్ల తర్వాత 'ఇదిగో నా ఆస్తి' అని చూపించే మనిషికి పిల్లనిచ్చే మామ ఈ భూమ్మీద దొరకడు. అదే పని అమెరికాలో వరల్డ్‌కామ్ అనే టెలికాం కంపెనీ చేస్తే మాత్రం మార్కెట్ నమ్మేసింది.

లెక్కల్లో ఖర్చు రెండు రకాలు. యంత్రం కొన్నాం, టవరు కట్టాం, కేబుల్ వేశాం. అది ఏళ్ల తరబడి పనికొస్తుంది కాబట్టి మూలధన వ్యయం. ఆస్తుల పట్టికలో చేరి, ఏటా తరుగుదల రూపంలో కొంచెం కొంచెంగా లాభంలోంచి పోతుంది. జీతాలు, కరెంటు బిల్లు, అద్దె, మామూలు మరమ్మతులు రెవెన్యూ వ్యయం. వాటి ప్రయోజనం ఈ ఏడాదే తీరిపోతుంది కాబట్టి మొత్తం ఈ ఏటి లాభంలోంచే పోవాలి. వంద రూపాయల అద్దెను పదేళ్ల ఆస్తిగా రాస్తే ఈ ఏడాది ఖర్చు పది రూపాయలే కనిపిస్తుంది. మిగతా తొంభై లాభమైపోతుంది! ఒక్క కస్టమరు పెరగక్కర్లేదు, ఒక్క ఫోను మోగక్కర్లేదు. కలం చాలు.

వరల్డ్‌కామ్‌కి అన్నిటికన్నా పెద్ద ఖర్చు లైన్ కాస్ట్. తన కస్టమరు కాల్ ఇతర కంపెనీల తీగల మీదుగా వెళ్లినందుకు వాళ్లకు కట్టే రుసుము అది. అంటే అచ్చమైన అద్దె. 2000 దాటాక టెలికాం మార్కెట్ చల్లబడింది, ఆదాయం తగ్గింది, అద్దె ఒప్పందాలు మాత్రం మెడకు చుట్టుకునే ఉన్నాయి. రాబడిలో లైన్ కాస్ట్ 42 శాతం దగ్గర నిలవాలని పైవాళ్ల కోరిక. బిల్లులు ఆ కోరికను మన్నించలేదు. అప్పుడు ఫైనాన్స్ అధిపతి స్కాట్ సలివన్‌కి జ్ఞానోదయమైంది. మూడు నెలల లెక్కలు ముగిసే వేళ, ప్రధాన కార్యాలయంలో కూర్చుని, ఆ అద్దెలో కొంత తీసి ఆస్తి ఖాతాల్లో వేయించాడు. దానికి 'ప్రీపెయిడ్ కెపాసిటీ' అని నామకరణం కూడా జరిగింది. ముద్దుపేరు బాగుంది గానీ, దాని వెనక ఒక బిల్లు లేదు, ఒక పరికరం లేదు.

ఫలితం చూడండి. 2001లో పన్నుకు ముందు లాభం 239 కోట్ల డాలర్లని ప్రకటించారు. దాని వెనక ఆస్తిగా వేషం మార్చిన అద్దె 305 కోట్లు. తీసేస్తే మిగిలేది 66 కోట్ల నష్టం. 2002 మొదటి మూడు నెలల్లో 24 కోట్ల లాభం చూపించారు, దాచిన అద్దె దాదాపు 80 కోట్లు. కూడికా తీసివేతా వచ్చిన పిల్లాడు చెప్పగలడు ఆ త్రైమాసికం ఎలా గడిచిందో.

సలివన్ గారి సిద్ధాంతం ఇంకా రసవత్తరం. అద్దెకు తీసుకున్న ఈ లైన్లు ప్రస్తుతం ఖాళీగా ఉన్నాయి, రేపు ఆదాయం తెస్తాయి, కాబట్టి ఈ ఖర్చును రేపటి ఆదాయంతోనే జత చేయాలట! ఖర్చునూ రాబడినీ జత చేయడం మంచి సూత్రమే. కానీ గడిచిపోయిన నెల అద్దె ఏ రేపటిదీ కాదు. ఖాళీ దుకాణానికి కట్టిన అద్దెను దండగ అంటారు, పెట్టుబడి అనరు. ఈ వాదాన్ని ఒప్పుకుంటే ఎంత వ్యాపారం పోతే అంత ఆస్తి పెరుగుతుంది. దివాలా తీసిన రోజు కంపెనీ కుబేరుడవుతుంది.

ఈ మాయకు రెండు చోట్ల ఆనవాళ్లు మిగులుతాయి. వ్యాపారం మందగిస్తున్నా, కొత్త కట్టడాలేవీ లేకున్నా మూలధన వ్యయం ఉబ్బుతుంటే అనుమానించాలి. రెండోది నగదు పట్టిక. అద్దెను ఆస్తిగా మారిస్తే ఆ చెల్లింపు కార్యకలాపాల వరసలోంచి పెట్టుబడుల వరసలోకి దూకుతుంది. దాంతో రోజువారీ వ్యాపారంలోంచి నగదు పొంగుతున్నట్టే ఉంటుంది. బ్యాంకులో డబ్బు మాత్రం పైసా పెరగదు. రెండు వరసల్నీ కలిపి చూసేవాణ్ని మోసగించడం కష్టం. విశ్లేషకులు మొదటి వరస చూసి చప్పట్లు కొట్టారు.

దీన్ని తిప్పి కూడా ఆడొచ్చు. యంత్రం కొని మరమ్మతు ఖర్చని రాస్తే లాభం తగ్గి పన్ను తగ్గుతుంది. మన దగ్గర ఆదాయపు పన్ను వాళ్లు దీన్నే ఎక్కువగా వెతుకుతారు.

చివరికి వరల్డ్‌కామ్ గుట్టు బయటపెట్టింది బయటి ఆడిటర్ ఆర్థర్ ఆండర్సన్ కాదు. అంతర్గత ఆడిట్ అధికారి సింథియా కూపర్, ఆమె బృందం. ఆ పద్దులకు ఆధారం చూపించమని అడిగారు, అంతే. ఆధారం ఎవరి దగ్గరా లేదు. 2002 జూన్ 25న కంపెనీ 385 కోట్ల డాలర్ల తప్పుడు వర్గీకరణను ఒప్పుకుంది, జులై 21న దివాలా పిటిషన్ వేసింది. సలివన్ నేరం ఒప్పుకుని, తన అధిపతి బెర్నార్డ్ ఎబ్బర్స్ మీద సాక్ష్యం చెప్పాడు. అకౌంటింగ్ తనకు తెలియదని ఎబ్బర్స్ కోర్టులో మొరపెట్టుకున్నాడు. జ్యూరీ నమ్మలేదు. శిష్యుడికి అయిదేళ్లు, గురువుకి ఇరవై అయిదేళ్లు పడ్డాయి.