నూరు శాతం హాజరు మెడల్ ఎవరికి?

బడి పంపిన ఆ సర్క్యులర్ మీకూ వచ్చే ఉంటుంది. ఈ వారం అది తిరగని వాట్సాప్ గ్రూపు లేదు. గొంతు నొప్పి, జలుబు లాంటి సాకులతో పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టొద్దట, వానాకాలమంతా ఒక్క రోజూ మానని విద్యార్థికి దసరా సెలవుల ముందు మెడల్ ఇస్తారట.

ఆ మెడల్‌కు నేనొక బాక్టీరియా పేరు ప్రతిపాదిస్తున్నాను: చి. స్ట్రెప్టోకాకస్. బడి తెరిచిన నాటి నుంచి ఒక్క పూట నాగా పెట్టలేదు. ఆదివారం కూడా ఎవరో ఒకరి గొంతులో కూర్చుని హోంవర్క్ చేసుకుంటూనే ఉంటాడు. డొనేషన్ కట్టలేదు, సీటు మాత్రం ప్రతి సెక్షన్‌లోనూ ఉంది.

బుద్ధిమంతుడు కూడా. అదే తరగతిలో వైరస్‌ల మూక ఒకటుంది. పిల్లల గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వాళ్ల పనే. వస్తూనే తుమ్ములు, ముక్కు కారడం, దగ్గు, బొంగురు గొంతు. యాంటీబయోటిక్‌ను లెక్కచేయరు, వారం రోజులు గోల చేసి వాళ్లంతట వాళ్లే పోతారు. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించడం, కాస్త విశ్రాంతి, అంతే వాళ్లకు మర్యాద. మనవాడు అలా కాదు. సాధారణంగా దగ్గించడు, తుమ్మించడు. సాయంత్రం దాకా ఎగిరి ఆడిన పిల్లకు రాత్రికల్లా జ్వరం, ఉమ్మి మింగినా నొప్పి. టార్చి వేసి చూస్తే టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి, మీద తెల్లటి చీము మచ్చలు. దవడ కింద ముట్టుకుంటే నొప్పెట్టే బిళ్లలు. ముక్కు మాత్రం పొడిగా ఉంటుంది. అదీ ఆయన చేతిరాత. చూపుతోనే పోల్చుకోవడం డాక్టర్లకూ కష్టమే కాబట్టి గొంతులో దూది పుల్ల తిప్పి పరీక్ష చేయిస్తారు.

ఈ కుర్రాడి అభివృద్ధికి యాజమాన్యం చేసిన సేవ చెప్పి తీరాలి. ముగ్గురు పట్టే బల్ల మీద అయిదుగురిని సర్దారు. చినుకు పడగానే కిటికీలు బిగించారు, నోటుపుస్తకాలు తడవకూడదు కదా! మనం మాత్రం తడిస్తే గొంతు నొప్పి వస్తుందని వానను తిట్టుకుంటాం. వాన బయటే ఉంది, రోగం లోపలుంది. ఒకడు పాఠం అప్పజెబితే నోటి తుంపర పక్కవాడికి చేరడానికి మూరెడు దూరం కూడా లేదు. పైగా నలుగురికీ ఒకటే వాటర్ బాటిల్. రెండు నుంచి అయిదు రోజుల్లో పక్కవాడి గొంతులో అడ్మిషన్ ఖాయం.

తల్లిదండ్రుల సహకారమూ తక్కువేం కాదు. సోమవారం జ్వరంతో లేచిన పిల్లకు పారాసిటమాల్ పట్టించి, మెడల్ పోతుందని బస్సెక్కిస్తారు. సాయంత్రం మెడికల్ షాపతను చీటీ అడక్కుండానే యాంటీబయోటిక్ సీసా ఇస్తాడు. బుధవారానికి నొప్పి తగ్గుతుంది. మిగిలిన మందు ఫ్రిజ్‌లోకి వెళ్తుంది, అన్నకొస్తే పనికొస్తుందని! చి. స్ట్రెప్టోకాకస్‌కు ఇంతకు మించిన ప్రోత్సాహం ఏముంటుంది?

ఆయనకు నచ్చని ఇళ్లూ ఉన్నాయి లెండి. అక్కడ పరీక్షలో పేరు తేలగానే డాక్టరు రాసిన పెన్సిలిన్ జాతి మందును, నొప్పి తగ్గినా ఆపకుండా పది రోజులూ వేస్తారు. మందు మొదలై ఒక రోజు గడిచి జ్వరం దిగేదాకా పిల్లను బడికి పంపరు. ఆ తర్వాత ఆయన పక్కబల్లకు ఎగబాకడం దాదాపు ఆగిపోతుంది. ఇంట్లో ఆ పిల్ల గ్లాసు, చెంచా, తువ్వాలు వేరు. ముక్కు చీదాక, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగిస్తారు. బడికి పేరు రాసిన బాటిల్ ఇచ్చి ఎవరికీ ఇవ్వొద్దని చెబుతారు. ఇంతా చేసి పోయే హాజరు ఒకటో రెండో రోజులు!

వెటకారం ఇక చాలు. ఆ సర్క్యులర్ మీద సంతకం పెట్టిన పెద్దమనిషీ, ఈ క్రిమికి సరైన మందు పడని పిల్లల్లో కొందరికి రెండు మూడు వారాల తర్వాత కీళ్లు వాస్తాయి, గుండె కవాటాలు దెబ్బతింటాయి. రుమాటిక్ జ్వరం అంటారు దాన్ని. ఎక్కువగా వచ్చేది 5 నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకే, అంటే మీరు ఫీజు వసూలు చేసే వయసువాళ్లకే. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు మందు మొదలుపెడితే తప్పించగలిగే జబ్బు అది. తప్పించలేకపోతే మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ ఇంజెక్షన్, ఏళ్ల తరబడి. ఆ సూది పొడిచేటప్పుడు పిల్ల చేయి పట్టుకునేది అమ్మ, మీరు కాదు.

కిటికీ తెరవడానికి పైసా ఖర్చు లేదు. బల్లకు ముగ్గురినే కూర్చోబెట్టాలంటే మాత్రం ఉంది, అందుకే ఆ ముక్క మీ సర్క్యులర్‌లో లేదు. ఫీజు ఆలస్యమైతే రోజుల లెక్కన జరిమానా వేయడం తెలిసిన మీ ఆఫీసుకు, జ్వరమొచ్చిన పిల్లకు రెండు రోజుల సెలవు లెక్కేయడం చేతకాదా?